దూదిలో అలసందలు: వేరు ఎక్కడ సాగుతుందో చూసిన డైరీ

శుక్రవారం రాత్రి

మావాడు ఏడో తరగతి. గింజలు మొలకెత్తించి, రోజుకో బొమ్మ గీసి, చార్టు మీద అంటించి తెమ్మన్నారు స్కూల్లో. నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. అందుకని డైరీ రాసే పని నాకు అప్పగించాడు. చేసేది, చూసేది, కొలిచేది అంతా వాడే.

వంటింట్లో రాజ్మా, చిక్కుడు గింజలు, అలసందలు ఉన్నాయి. వాడికి రాజ్మా మీద మనసుంది, పెద్దగా ఉంటాయి కాబట్టి. కానీ కొట్లో కొన్న రాజ్మా ఎన్నాళ్ళ నిల్వదో తెలియదు, మన ఎండలకి మొలవకుండానే మెత్తబడి కుళ్ళిపోయేవి ఎక్కువ. అలసంద వేడిని ఇష్టపడే గింజ. నానిన రోజో మర్నాడో వేరు బయట పెడుతుంది, ఆ వేరు తెల్లగా, నిటారుగా, గాజు పక్కన చూడటానికి వీలుగా ఉంటుంది. చివరికి అలసందలే తీసుకున్నాం. (విత్తనాల కొట్లో గులాబీ రంగు పూసి అమ్మే గింజలు పిల్లల ప్రాజెక్టుకి వద్దు. ఆ రంగుతో పాటు బూజు మందు కూడా పట్టించి ఉంటుంది.)

పుచ్చు గింజలు, తొక్క పగిలినవి ఏరేసి, మంచివి ఇరవై గ్రాములు తూచి గిన్నెలో నీళ్ళు పోసి పెట్టాడు.

శనివారం పొద్దున

రాత్రి ఇరవై గ్రాములున్న గింజలు, నీళ్ళు వంచి బట్టతో అద్ది తూస్తే నలభై దాటాయి. గింజ తన బరువంత నీళ్ళు తాగిందన్నమాట. ఇంకా ఎక్కువసేపు నానితే మేలు కదా అన్నాడు. మేలు కాదు. గింజ ఊపిరి పీల్చుకోవడం అప్పుడే మొదలుపెడుతుంది, నీళ్ళలో మునిగి ఉన్నంతసేపు దానికి గాలి చాలదు.

ఒక గింజని వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా నొక్కమన్నాను. నల్లటి కన్ను పక్కన, సూది మొనంత చోటు నుంచి నీటి చుక్క బయటికొచ్చింది. "అమ్మా, దీనికి చిల్లుంది!" అని ఇంకో నాలుగు గింజలు నొక్కి చూశాడు. అన్నిటికీ అదే చోట. బీజరంధ్రం అంటాం దాన్ని. వేరు కొస లోపల సరిగ్గా ఆ చోటుకే ఎదురుగా ఉంటుంది. గింజని సీసాలో ఎటు తిప్పి పెట్టాలో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి గుర్తు లేదు.

దూది దగ్గర చిన్న చర్చ నడిచింది. నాయనమ్మ వత్తులు చేసుకునే పత్తి ఇచ్చింది. మందుల షాపులో కొన్న దూది చుట్ట ఒకటి ఇంట్లోనే ఉంది. రెండూ తెల్లగానే ఉన్నాయి కదా అన్నాడు. చెరో ఉండ చేసి నీళ్ళ గిన్నెలో వెయ్యమన్నాను. మందుల షాపు దూది చూస్తుండగానే నీళ్ళు పీల్చి మునిగిపోయింది. వత్తుల పత్తి ఎంతసేపటికీ పైనే తేలుతూ ఉంది. చెట్టు మీది పత్తి పోగు పైన పల్చటి మైనం పొర ఉంటుంది. అది నీటిని దగ్గరికి రానివ్వదు, నూనెని మాత్రం హాయిగా తాగుతుంది. దీపం వత్తికి ఆ గుణమే కావాలి. మందుల షాపుకి వచ్చే దూదిని ముందే ఉడికించి మైనం తీసేస్తారు. "అందుకేనా, చేతికి తడి కూడా అంటదు వత్తులు చేస్తుంటే" అంది నాయనమ్మ.

వెడల్పు మూతి పచ్చడి సీసాలు మూడు తీసుకున్నాం. దూదిని తడిపి, పిండితే చుక్క కారనంతగా పిండి, సీసాలో వదులుగా కూరాడు. గింజల్ని దూదికీ గాజుకీ మధ్య, సీసా సగం ఎత్తులో దూర్చాడు. ఒక్కో సీసాలో నాలుగు: ఒకటి చిల్లు కిందికి, ఒకటి పైకి, రెండు పక్కకి. రెండు సీసాల్లో అడుగున వేలెడు నీళ్ళు పోశాం, దూదే పైకి పీల్చుకుంటుంది. మూడో సీసాలో గింజలు మునిగేదాకా పోస్తానని పట్టుబట్టాడు, నీళ్ళు ఎక్కువుంటే త్వరగా పెరుగుతుంది కదా అని. పొయ్యమన్నాను, చూస్తే తెలుస్తుంది. మూడిటికీ నల్ల కాగితం చుట్టి, మూతలు వదులుగా పెట్టి అల్మారాలో ఉంచాం. నల్ల కాగితం వేరుకి చీకటి కోసం, గాజు మీద నాచు పట్టకుండా కూడా.

ఆదివారం సాయంత్రం

మొదటి రెండు సీసాల్లో ఒక్కటి తప్ప అన్ని గింజలకీ తెల్లటి కొస వచ్చింది. పొడవైనది ఐదు మిల్లీమీటర్లు. చిల్లు పైకి పెట్టిన గింజల్లో వేరు ముందు పైకే వచ్చి, అక్కణ్ణుంచి కొక్కెంలా వంగుతోంది. మూడో సీసాలో గింజలు ఉబ్బాయి, వాటి చుట్టూ చిన్న బుడగలున్నాయి, వేరు లేదు.

సోమవారం పొద్దున

లేవగానే అల్మారా తలుపు తీసి, పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, బూజు పట్టేసింది! మొత్తం పోయింది."

వెళ్ళి చూశాను. వేరు చుట్టూ తెల్లటి సన్నటి నూగు. చాలా ఇళ్ళలో ఈ రోజునే ప్రాజెక్టు చెత్తబుట్టలోకి పోతుంది, పెద్దవాళ్ళు కూడా దాన్ని బూజే అనుకుంటారు. అది బూజు కాదు, మూలకేశాలు. ఒక్కో కేశం ఒక్కటే కణం, వేరు పై చర్మంలోని కణం బయటికి సాగి అలా అవుతుంది. మొక్క నీళ్ళు తాగే విస్తీర్ణాన్ని పెంచేవి అవే.

రెండిటికీ తేడా ఎలా చెప్పాలో మూడో సీసా పక్కన పెట్టి చూపించాను. మూలకేశాలు వేరు మీదే ఉంటాయి. గింజ తొక్క మీద ఉండవు, దూది మీదికి పాకవు. వేరు చుట్టూ పట్టీ కట్టినట్టు సమానంగా ఉంటాయి, కొస దగ్గర కొన్ని మిల్లీమీటర్లు మాత్రం నున్నగా, ఖాళీగా ఉంటుంది. బూజుకి ఆ క్రమం లేదు. గింజ తొక్క మీద మొదలై, సాలెగూడులా దూది మీదికి పాకుతుంది, రెండ్రోజులకి బూడిద రంగో నల్ల చుక్కలో కనిపిస్తాయి, ముక్క వాసన వస్తుంది. మూడో సీసాలో అదే జరిగింది. గింజలు జిగురెక్కాయి, మూత తీస్తే పులిసిన కంపు. దాన్ని బయట పారబోసి సీసా కడిగేశాడు. "నీళ్ళలో గింజకి ఊపిరాడలేదు" అని తన నోట్సులో రాసుకున్నాడు, నేను చెప్పకుండానే.

భూతద్దం పెట్టి నూగు బొమ్మ గీశాడు. కొస నుంచి నూగు మొదలయ్యే చోటు దాకా ఐదారు మిల్లీమీటర్లు ఖాళీగా ఉందని కొలిచి పక్కన రాశాడు. ఆ కొలత తర్వాత చాలా పనికొచ్చింది.

సోమవారం సాయంత్రం

నాయనమ్మ జంతికలు వండుతోంది. స్కూలు నుంచి వచ్చి అక్కడే నిలబడి గొట్టంలోంచి పిండి జారడం చూస్తూ అన్నాడు: "అమ్మా, వేరు కూడా ఇంతే కదా. గింజలో పిండి ఉంటుంది, అది వెనక నుంచి తోస్తుంటే వేరు బయటికొస్తుంది."

నాకు చాలా నచ్చిందీ మాట. తప్పో ఒప్పో తర్వాత సంగతి, ఇది పరీక్షించగలిగిన ఊహ. ఇంటర్ పిల్లలు వేరు పటంలో మండలాల పేర్లు వరసగా రాస్తారు గానీ, వేరు ఎక్కడ పొడవవుతుందని అడిగితే చాలామంది ఒక్క క్షణం ఆగుతారు.

"జంతిక మీద ఇంకుతో గీతలు పెట్టావనుకో, గొట్టంలోంచి ఇంకాస్త పిండి వచ్చాక ఆ గీతలు ఏమవుతాయి?"

ఆలోచించాడు. "అన్నీ కిందికి పోతాయి. గీతల మధ్య దూరం మారదు. గొట్టం దగ్గర గీతల్లేని కొత్త ముక్క ఉంటుంది."

"మరి వేరు మీద గీతలు పెడితే?"

"అలాగే ఉండాలి. గింజ దగ్గర కొత్త ముక్క కనపడాలి."

ఏం చూడబోతున్నాడో ముందే కాగితం మీద రాయించాను. చూశాక రాస్తే ప్రయోజనం లేదు.

ఇది జర్మన్ వృక్షశాస్త్రవేత్త యూలియస్ సాక్స్ పందొమ్మిదో శతాబ్దంలో చిక్కుడు జాతి మొక్కల వేళ్ళ మీద చేసిన ప్రయోగమే. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. నీటికి చెదరని నల్ల డ్రాయింగ్ ఇంకు, కుట్టు దారం, స్కేలు ఉంటే చాలు. మామూలు పెన్ను ఇంకు పనికిరాదు, తడి వేరు మీద పాకిపోతుంది. బాల్‌పెన్ను మొన వేరుకి గుచ్చుకుంటుంది.

నిటారుగా పెరిగిన నాలుగు మొలకల్ని బయటికి తీశాడు. ఒక్కోదాన్నీ తడి గుడ్డ మీద స్కేలు పక్కన పడుకోబెట్టి, వేరు మీది తడిని కాగితంతో అద్ది, దారాన్ని ఇంకులో ముంచి, రెండు చేతులా బిగించి పట్టుకుని వేరు మీద తాకించాడు. తాకించడమే, రుద్దడం కాదు. కొస నుంచి మొదలుపెట్టి మిల్లీమీటరుకో గీత చొప్పున పది గీతలు. ఈ పని త్వరగా అవ్వాలి, గాలికి వేరు కొస ఆరిపోతే అది ఇక పెరగదు. వాళ్ళ నాన్న టార్చి పట్టుకున్నారు. గీతలు గాజు వైపుకి వచ్చేలా మొలకల్ని మళ్ళీ సీసాలో పెట్టాడు. అందులో బాగా కుదిరిన వేరు పొడవు అప్పటికి 22 మిల్లీమీటర్లు.

మంగళవారం సాయంత్రం

స్కూలు బ్యాగు కూడా దించకుండా సీసా తీశాడు. నాలుగిట్లో ఒకదాని కొస గోధుమ రంగు తిరిగి ఆగిపోయింది, అది గాలికి ఎండినదే. ఒకదాని మీద ఇంకు చెదిరింది. మిగిలిన రెండూ స్పష్టంగా ఉన్నాయి.

బాగా కుదిరిన వేరు లెక్క ఇది. కొస నుంచి మొదటి గడి ఒక మిల్లీమీటరు ఉండాల్సింది రెండయింది. రెండో గడి ఆరు. మూడోది ఏడు. నాలుగోది మూడు. ఐదోది ఒకటిన్నర. ఆరో గడి నుంచి పదో గడి దాకా నిన్న ఎంతుందో ఇవాళా అంతే, ఒక్కో మిల్లీమీటరు. మొత్తం పది మిల్లీమీటర్ల ముక్క ఇరవై నాలుగున్నర అయింది. వేరు మొత్తం కొలిస్తే 36 దాటింది. అంటే పెరిగిన పద్నాలుగున్నర మిల్లీమీటర్లూ ఆ ఐదు గడుల్లోనే వచ్చాయి. గింజ దగ్గర కొత్త ముక్క ఏమీ లేదు.

తన ఊహ రాసుకున్న కాగితం తీసి పక్కన పెట్టుకున్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గింజ నెట్టట్లేదు. వేరు తనే ముందుకి పోతోంది" అన్నాడు.

రెండో వేరు కూడా అదే చెప్పింది, అంకెలు కాస్త అటూ ఇటూ. అందులో ఎక్కువ సాగింది రెండో గడి. గీతలు చేత్తో పెట్టినవి కాబట్టి అర మిల్లీమీటరు తేడాని పట్టించుకోకూడదని చెప్పాను. రెండు వేళ్ళలోనూ కొసకి ఆనుకుని ఉన్న గడి అంతగా సాగలేదు, దాని పైవే సాగాయి. అది ఎందుకని వాడే అడిగాడు. కొస చివర టోపీలా వేరు తొడుగు ఉంటుంది. దాని వెనకే కొత్త కణాలు పుడుతుంటాయి, పుట్టినప్పుడు అవి చాలా చిన్నవి. కొస ముందుకి వెళ్ళిపోయాక, వెనక మిగిలిన ఆ కణాలు నీళ్ళు నింపుకుని పొడవుగా సాగుతాయి. పుట్టడం ఒకచోట, సాగడం దాని వెనక చోట. గింజలోని పిండి ఖర్చవుతున్న మాట నిజమే. అది కరిగి చక్కెరగా మారి కొస దాకా ఆహారంగా వెళ్తోంది. ఊహలో ఆ సగం తప్పు కాదని కూడా రాయమన్నాను.

మంగళవారం రాత్రి

పడుకోబోయేవాడల్లా లేచి వచ్చాడు, సోమవారం గీసిన బొమ్మ పట్టుకుని. "అమ్మా, నూగు లేని చోటు ఐదారు మిల్లీమీటర్లు. సాగిన గడులు ఐదు. రెండూ ఒకటే చోటు!"

ఇది నేను చెప్పాలనుకుని దాచుకున్న విషయం, వాడికే దొరికింది. మూలకేశం మట్టి రేణువుల్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. సాగుతున్న భాగం మీద కేశాలుంటే, కింద వేరు జరిగిపోతూ ఉంటే అన్నీ తెగిపోవాలి. అందుకే సాగడం ఆగిన చోటే నూగు మొదలవుతుంది. పైన కేశాలు మట్టిని పట్టుకుని లంగరు వేస్తే, ఆ ఊతంతో కింద కొస ముందుకి పొడుచుకు పోతుంది. మీటరు లోతున వేరు మొత్తం ఒకేసారి సాగాల్సి వస్తే మట్టిలో అది ఎక్కడికక్కడ మెలికలు పడుతుంది. చివరి అర సెంటీమీటరే కదిలితే, మిగతాదంతా ఉన్నచోటే ఉంటుంది.

పాతికేళ్ళుగా బోర్డు మీద గీస్తున్న పటమే ఇది. పచ్చడి సీసాలో పన్నెండేళ్ళ పిల్లాడు రెండు కొలతల్ని పక్కపక్కన పెట్టి పట్టుకోవడం చూస్తే నాకు నిద్ర పట్టలేదు.

బుధ, గురువారాలు

గీతలు పెట్టని సీసాలో నీళ్ళు వంపేసి, మూత బిగించి, బుధవారం పొద్దున అడ్డంగా పడుకోబెట్టాం. మధ్యాహ్నానికే వేళ్ళ కొసలు నేల వైపు తిరిగాయి. సాయంత్రానికి చక్కగా మలుపు కనపడింది. మలుపు ఎక్కడో చూడమన్నాను. కొసకి కాస్త వెనక, సాగే చోటే. పై భాగం అడ్డంగా ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది, సాగడం ఆగినది ఇక వంగలేదు.

అప్పుడు మంచి పేచీ పెట్టాడు. "పడుకోబెడితే నీళ్ళు కూడా కింది పక్కకే దిగుతాయి కదా. వేరు నీళ్ళ కోసం తిరిగిందేమో." నిజమే, ఈ ప్రయోగంతో ఆ రెండిట్నీ విడదీయలేం. అందుకని ఇంకోటి అమర్చాం. తడి దూదిని సీసా మూత లోపల దారంతో కట్టి, రెండు మొలకల్ని వేరు పైకి ఉండేలా ఆ దూదిలోకి దూర్చి, సీసా అడుగున కొద్దిగా తడి మాత్రం ఉంచి మూత బిగించాం. ఇప్పుడు తడి దూది పైన ఉంది, కింద ఉత్త గాలి. గురువారం సాయంత్రానికి రెండు వేళ్ళూ దూదిని వదిలి గాలిలోకి, నేల వైపుకే దిగాయి. మూత బిగుతుగా లేకపోతే ఇది కుదరదు. లోపలి గాలి పొడిబారితే కొస ఎండుతుంది, లేదా తడి వైపుకి తిరుగుతుంది, వేరుకి ఆ గుణమూ ఉంది.

వేరు తొడుగు కణాల్లో బరువైన పిండి రేణువులుంటాయి. వేరు పక్కకి తిరిగితే అవి కొత్త అడుగు వైపుకి జారతాయి. వేరుకి కింద ఎటో తెలిసేది అలా. 1806లో ఇంగ్లండులో థామస్ ఆండ్రూ నైట్ అనే ఆయన, వాగు నీటితో వేగంగా తిరిగే చక్రానికి చిక్కుడు గింజలు కట్టి మొలిపించాడు. వేళ్ళు చక్రం అంచు నుంచి బయటికి, మొలకలు ఇరుసు వైపుకి పెరిగాయి. తిరిగే చక్రం బయటికి నెట్టే బలాన్నే వేళ్ళు "కింద" అనుకున్నాయి. ఇది విని ఫ్యానుకి సీసా కడదామన్నాడు. వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు.

ఆదివారం

పక్క వేళ్ళు వచ్చాయి, కొస దగ్గర కాదు, పైన పాత భాగంలో. తల్లి వేరు చర్మాన్ని చీల్చుకుని లోపలి నుంచి వస్తాయవి, వచ్చిన చోట సన్నటి పగులు భూతద్దంలో తెలుస్తుంది. ఎటు పడితే అటు కాకుండా నిలువు వరసల్లో ఉన్నాయి. వేరుని తిప్పి తిప్పి లెక్కపెట్టి నాలుగు వరసలన్నాడు. పైన బీజదళాలు తొక్క వదిలించుకుని ముడతలు పడ్డాయి, వాటి మధ్య మొదటి ఆకులు విప్పుకున్నాయి.

ఇక్కడితో దూది పని అయిపోయింది. దూదిలో నీళ్ళున్నాయి గానీ పోషకాలు లేవు. ఇన్నాళ్ళూ మొక్క తిన్నది బీజదళాల్లో దాచుకున్నదే, అవి ఎండి రాలాక ఆకులు పాలిపోతాయి. పెరట్లో మట్టి గుల్ల చేసి నాటడానికి సిద్ధమయ్యాం. మొలకని దూదిలోంచి లాగితే మూలకేశాలు దూది పోగులకి పట్టుకుని తెగిపోతాయని చెప్పాను. "నిజంగా తెగుతాయా?" అని, నాలుగు మొక్కల్ని చుట్టూ దూది కత్తిరించి ఆ దూదితోనే నాటి, ఇంకో నాలుగింటికి దూది ఊడదీసి నాటాడు. రెండు వరసలకీ ఒకే సమయానికి ఒకే చెంబుతో నీళ్ళు.

మంగళవారం

దూది ఊడదీసి నాటినవి నాలుగూ నిన్న మధ్యాహ్నానికి తలలు వాల్చేశాయి. ఇవాళ మూడు లేచాయి, ఒకటి పోయింది. దూదితో నాటినవి వాలనే లేదు. చార్టులో గీతల వేరు బొమ్మ మధ్యలో పెద్దగా వేశాడు. పక్కన ఒకవైపు తను ముందు రాసుకున్న జంతికల గొట్టం ఊహ, ఇంకోవైపు గడుల కొలతలు. అన్నిటికంటే కింద, వచ్చేసారి చెయ్యాలని రాసుకున్నది: శనగలకీ ఇలాగే గీతలు పెట్టి, సాగే గడులు ఐదేనా ఎక్కువా అని చూడటం. శనగలు ఇవాళే నానబోశాడు.